హజ్ ఐదు రోజులు: ఏ రోజు ఎక్కడ ఉండాలి, ఏం చేయాలి, ఎందుకు చేస్తాం

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు నుంచి హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తమత్తు పద్ధతిలో హజ్ చేస్తారు. ముందు ఉమ్రా చేసి ఇహ్రామ్ విప్పేస్తారు, జిల్‌హజ్ 8న మళ్లీ ఇహ్రామ్ కట్టుకుని హజ్ మొదలుపెడతారు. ఇక్కడ రాసేది ఆ పద్ధతి గురించే. మన వైపు ఎక్కువమంది హనఫీలు కాబట్టి నియమాలు కూడా ఆ మజ్‌హబ్ ప్రకారమే చెబుతున్నాం.

ముందుగా ఒక విషయం మనసులో ఉంచుకోండి. హజ్‌లో ప్రతి పనికీ ఒక చోటు, ఒక సమయం ఉంటాయి. వాటిలో మూడు ఫర్జ్: ఇహ్రామ్, అరఫాత్‌లో ఉండటం, తవాఫె జియారత్. అరఫాత్ తప్పిపోతే ఆ ఏడాది హజ్ లేనట్టే, ఏ జరిమానాతోనూ అది పూడదు. తవాఫె జియారత్ ఆలస్యమైనా ఎప్పటికైనా చేసి తీరాలి. వాటి తర్వాతివి వాజిబ్. కారణం లేకుండా వాజిబ్ వదిలితే దమ్ పడుతుంది, అంటే హరమ్ హద్దుల్లో ఒక మేకను కోయించాలి. సున్నత్ వదిలితే పుణ్యం తగ్గుతుంది కానీ జరిమానా లేదు. గుంపులో ఎవరైనా "హజ్ పోయింది" అని భయపెడితే, తప్పింది ఈ మూడింటిలో ఏ రకమో ముందు చూసుకోండి.

ఇహ్రామ్, ఉమ్రా

నాంపల్లి హజ్ హౌస్‌కు బయలుదేరేముందే ఇంట్లో గోళ్లు, అక్కర్లేని వెంట్రుకలు తీసేసి గుస్ల్ చేయండి. మగవాళ్లకు కుట్టు లేని రెండు తెల్లబట్టలు: ఒకటి నడుముకు, ఒకటి భుజాలకు. డబ్బు, కాగితాలు పెట్టుకునే బెల్టుకు కుట్టు ఉన్నా ఫర్వాలేదు. చెప్పులు మాత్రం పాదం పైన మధ్యలో లేచి ఉండే ఎముక కనపడేలా ఉండాలి, అందుకే హవాయి చెప్పులు మంచివి. ఆడవాళ్లు మామూలు బట్టలే వేసుకుంటారు, తల కప్పుకుంటారు, ముఖానికి బట్ట తగలనివ్వరు.

బట్ట కట్టుకోగానే ఇహ్రామ్ మొదలుకాదు. నియ్యత్ చేసి తల్బియా చదివినప్పుడే మొదలవుతుంది. విమానం జిద్దాకు వెళ్తుంటే మీకాత్, అంటే ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు, గాలిలోనే దాటిపోతుంది. అది దాటాక నియ్యత్ చేస్తే దమ్ పడే పరిస్థితి వస్తుంది. మీకాత్ వచ్చిందని విమానంలో చెబుతారు కానీ నిద్రలో ఉంటే వినపడదు. శంషాబాద్‌లో విమానం లేచాక కాసేపటికే నియ్యత్ చేసుకుంటే ఆ గండం ఉండదు. ముందు మదీనాకు వెళ్లే విమానమైతే ఇక్కడ ఇహ్రామ్ అవసరమే లేదు. మదీనా నుంచి మక్కాకు వచ్చేటప్పుడు జుల్‌హులైఫా దగ్గర కట్టుకోవాలి.

ఇహ్రామ్‌లో అత్తరు, సువాసన సబ్బు, సువాసన ఉన్న తడి టిష్యూలు వాడకూడదు. గోళ్లు, వెంట్రుకలు తీయకూడదు. మగవాళ్లు తల కప్పకూడదు కానీ గొడుగు పట్టుకోవచ్చు. మగవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది తొడల మధ్య ఒరుసుకోవడం. వాసన లేని వ్యాజిలైన్ ముందే రాసుకోకపోతే రెండోరోజుకే నడవలేరు. రైతైనా, లాయరైనా, షేఠ్ అయినా కప్పుకునేవి అవే రెండు బట్టలు. కఫన్ కూడా ఇలా కుట్టు లేని తెల్లబట్టే. అల్లాహ్ ముందు నిలబడే రోజున వెంట ఏం ఉంటుందో ఒంటిమీది ఈ బట్ట గుర్తుచేస్తుంది.

ఉమ్రాలో రెండు పెద్ద పనులు: తవాఫ్, సయీ. తవాఫ్ హజరె అస్వద్ ఉన్న మూల నుంచి మొదలవుతుంది. దానికి ఎదురుగా గోడమీద పచ్చ దీపం వెలుగుతుంటుంది, దాన్ని చూసి లెక్క పెట్టుకోండి. కాబాను ఎడమవైపు ఉంచుకుని ఏడు చుట్లు. మగవాళ్లు కుడి భుజం తెరిచి ఉంచుతారు, మొదటి మూడు చుట్లలో ఛాతీ విరుచుకుని వేగంగా అడుగులు వేస్తారు. రాతిని ముద్దుపెట్టుకోవడానికి తోసుకోవద్దు. దూరం నుంచి చేయి ఎత్తి సైగ చేస్తే సున్నత్ తీరిపోతుంది, పక్కవాణ్ణి నొప్పించడం మాత్రం పాపం. నువ్వు ఒక రాయివని, మేలుగానీ కీడుగానీ చేయలేవని నాకు తెలుసు, ప్రవక్త నిన్ను ముద్దుపెట్టుకోవడం చూశాను కాబట్టే పెడుతున్నాను అని హజ్రత్ ఉమర్ ఆ రాతి ముందే అన్నారు. తవాఫ్ రాతికి చేసే పూజ కాదు. ఒక్క దేవుణ్ణి మధ్యలో పెట్టుకుని బతుకు తిరగాలన్న ఒప్పుకోలు.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. కాబా పక్కన అర్ధచంద్రాకారంలో తక్కువ ఎత్తు గోడ ఉంటుంది, అది హతీమ్. ఆ లోపలి చోటు కాబాలో భాగమే. రద్దీ తప్పించుకోవడానికి దాని లోపలినుంచి దాటితే ఆ చుట్టు లెక్కకు రాదు. వుజూ పోతే ఆపి, మళ్లీ చేసుకుని వచ్చి కొనసాగించాలి.

తర్వాత మకామె ఇబ్రాహీమ్ వెనక, చోటు లేకపోతే మస్జిద్‌లో ఎక్కడైనా, రెండు రకాతులు చదివి జమ్‌జమ్ తాగి సఫాకు వెళ్తారు. సఫా నుంచి మర్వాకు వెళ్తే ఒకటి, మర్వా నుంచి సఫాకు వస్తే రెండు. ఏడోది మర్వా దగ్గర ముగుస్తుంది. పోయి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టి పద్నాలుగు తిరిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఏడూ కలిపి మొత్తం సుమారు మూడు కిలోమీటర్లు. పచ్చ దీపాల మధ్య మగవాళ్లు మాత్రమే పరుగులాంటి నడక నడుస్తారు. ఎండిన లోయలో పసిబిడ్డ ఇస్మాయిల్‌కు నీళ్ల కోసం తల్లి హాజిరా ఈ రెండు గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగింది. నీళ్లు ఆమె వెతికిన చోట కాదు, బిడ్డ కాళ్ల దగ్గర వచ్చాయి. ఆ ఒక్క తల్లి అడుగుల్లో ఇప్పటికీ మగవాళ్లందరూ నడుస్తున్నారు. చివరికి మగవాళ్లు గుండు చేయించుకోవడమో జుట్టు కత్తిరించుకోవడమో చేస్తారు, ఆడవాళ్లు జడ చివర వేలి గణుపంత కత్తిరిస్తారు. ఉమ్రా ముగిసింది, ఇహ్రామ్ విప్పేయొచ్చు.

బయలుదేరే రెండు మూడు నెలల ముందునుంచే ఆ హవాయి చెప్పులతోనే భద్రకాళి బండ్ మీద రోజూ నడవడం మొదలుపెట్టండి. హజ్ రోజుల్లో మందులకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

8వ తేదీ: మినా

తేదీ మక్కాదే లెక్క. ఇంట్లో క్యాలెండర్ చూసుకునే బంధువులకు ఇది ముందే చెప్పండి, ఎందుకంటే సౌదీలో నెలవంక సాధారణంగా ఒక రోజు ముందు కనబడుతుంది. అక్కడ 10వ తేదీ నడుస్తుంటే ఇక్కడ ఇంకా 9 కావచ్చు.

అజీజియాలోని బసలోనే స్నానం చేసి, ఇహ్రామ్ కట్టుకుని హజ్ నియ్యత్ చేయండి. ముఅల్లిమ్ బస్సులు 7వ తేదీ రాత్రి నుంచే మొదలవుతాయి కాబట్టి ఆ సాయంత్రానికే చేతిసంచి సిద్ధంగా ఉంచండి: ఒక జత ఇహ్రామ్ ఎక్కువ, పల్చటి చాప, గొడుగు, ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు ఆరు రోజులకు సరిపడా. నుసుక్ కార్డు మెడలోనే ఉండాలి. మినాలో జుహర్ నుంచి మర్నాడు ఫజర్ దాకా ఐదు నమాజులు చదవడం తప్ప వేరే పని లేదు. డేరాలన్నీ ఒకేలా ఉంటాయి. డేరా నంబరు, పక్కనున్న స్తంభం నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

9వ తేదీ: అరఫాత్

హజ్ అంటే అరఫానే అని ప్రవక్త చెప్పారు. మధ్యాహ్నం పొద్దు వాలినప్పటి నుంచి 10వ తేదీ తెల్లవారుజాము దాకా ఒక్క క్షణమైనా అరఫాత్ హద్దుల్లో ఉంటే ఫర్జ్ తీరుతుంది. పగలే చేరినవాళ్లు సూర్యాస్తమయం దాకా అక్కడే ఉండటం వాజిబ్. ముందే హద్దు దాటి బయటికి వెళ్లిపోతే, మళ్లీ తిరిగి రాకపోతే దమ్ పడుతుంది.

హద్దు విషయంలో నమిరా మస్జిద్ దగ్గర జాగ్రత్త. ఆ మస్జిద్ ముందుభాగం అరఫాత్ బయట ఉంది. అక్కడ నమాజు చదవొచ్చు కానీ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటే వుకూఫ్, అంటే అరఫాత్‌లో ఉండటం, అవ్వదు. పసుపు బోర్డుల మీద హద్దు రాసి ఉంటుంది, చూసుకోండి. డేరాలో ఉన్నవాళ్లు జుహర్‌ను జుహర్ వేళ, అసర్‌ను అసర్ వేళ విడివిడిగా చదవాలి. నమిరా ఇమామ్ వెనక చదివినవాళ్లకే రెండూ కలిపి ఉంటాయి. జబలె రహ్మత్ ఎక్కాల్సిన అవసరం లేదు. అక్కడికి పోయిరావడంలో ఎండదెబ్బ తగిలి మధ్యాహ్నమంతా దవాఖానాలో గడిపేవాళ్లున్నారు.

ఎండ గురించి దాచకుండా చెప్పాలి. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని, వారిలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి నీడ, బస్సు లేక ఎండలో నడిచినవాళ్లని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. రామగుండం ఎండ చూశామన్న ధైర్యం అక్కడ పనికిరాదు. రామగుండంలో మధ్యాహ్నం ఇంట్లో ఉంటాం, అరఫాత్‌లో బయట తిరుగుతాం, అదే తేడా. గంటకోసారి గ్లాసెడు నీళ్లు తాగండి, రెండు మూడు గంటలకోసారి ఓఆర్ఎస్. చెమట ఆగిపోయి, ఒళ్లు వేడెక్కి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసి వైద్య శిబిరానికి తీసుకెళ్లాలి.

అసర్ తర్వాతి గంటలు దువాకు కేటాయించండి. అరబ్బీ రాకపోతే తెలుగులోనో, ఉర్దూలోనో అడగండి. మహ్షర్ మైదానంలో మనుషులంతా ఒక్కచోట నిలబడి ఎవరి లెక్క వాళ్లు అప్పజెప్పుకునే రోజుకు ఇది ముందుమాటలాంటిది. అందుకే ఇక్కడ తవాఫ్ లేదు, కంకర లేదు. నిలబడటం, అడగటం, అంతే.

ముజ్దలిఫా రాత్రి

సూర్యుడు మునిగాక మగ్రిబ్ చదవకుండానే బయలుదేరాలి. ముజ్దలిఫా చేరి, ఇషా వేళ మగ్రిబ్, ఇషా కలిపి చదవాలి. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని తెల్లవారేలా ఉంటే మాత్రం దారిలోనే చదివేయాలి. ఆకాశం కింద చాప పరుచుకుని పడుకోవడమే ఇక్కడ బస. హనఫీ పద్ధతిలో అసలు వాజిబ్ మాత్రం ఫజర్ వేళ మొదలైనప్పటి నుంచి సూర్యోదయం లోపు కాసేపు అక్కడ ఉండటం. అర్ధరాత్రి బస్సు ఎక్కేసి మినా వెళ్లిపోయే ఆరోగ్యవంతులు ఈ వాజిబ్ వదులుకుంటున్నారు. ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు, ఆడవాళ్లు ముందే వెళ్లొచ్చు, వాళ్లకు దమ్ లేదు.

మర్నాటి నుంచి మినాలో జమరాలకు, అంటే షైతాన్‌ను తరిమే గుర్తుగా ఉన్న మూడు గోడలకు, విసరడానికి శనగగింజంత సైజు కంకర ఏరుకోండి. 12న మినా నుంచి వచ్చేసేవాళ్లకు 49 కావాలి, 13 దాకా ఉండేవాళ్లకు 70. చేజారిపోతాయి కాబట్టి పదో పదిహేనో ఎక్కువ తీసుకోండి. ఇక్కడే ఏరాలని నియమం లేదు, మినాలో ఏరినా సరిపోతుంది. పెద్ద రాళ్లు, చెప్పులు విసరకూడదు.

10వ తేదీ: వరుస తప్పకూడని రోజు

ఐదు రోజుల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇవాళే. వరుస ఇది: పెద్ద జమరాకు ఏడు కంకరలు, తర్వాత ఖుర్బానీ, తర్వాత గుండు. ఈ మూడూ ఇదే క్రమంలో జరగడం ఇమామ్ అబూ హనీఫా మాట ప్రకారం వాజిబ్. తవాఫె జియారత్ ఆ మూడింటి తర్వాత చేయడం సున్నత్.

మొదటి కంకర విసరగానే తల్బియా ఆపేయాలి. ఒక్కో కంకర విడిగా, అల్లాహు అక్బర్ అంటూ వేయాలి. ఏడూ గుప్పిట్లో పట్టి ఒకేసారి విసిరితే ఒక్కటిగానే లెక్క. కంకర గోడకు తగలకపోయినా తొట్టిలో పడితే చాలు. గోడకు తగిలి బయటికి ఎగిరిపోతే ఇంకోటి వేయాలి. ఇప్పుడున్న పొడవైన గోడలు 2004 తర్వాత కట్టినవి, అంతకుముందు సన్నని స్తంభాలుండేవి. గోడ పొడవుగా ఉంటుంది కాబట్టి ముందుభాగంలో గుంపుగా నిలబడకుండా చివరికి నడవండి, అక్కడ ఖాళీ ఉంటుంది. కొడుకును బలి ఇవ్వడానికి వెళ్తున్న ఇబ్రాహీమ్‌ను షైతాన్ అడ్డగించిన చోట్లు ఇవని మన సంప్రదాయం చెబుతుంది. రాయి తగిలేది గోడకే. మనం తరిమేది ఆ క్షణంలో ఆయనకు వినిపించిన "వద్దు, ఆగు" అన్న గుసగుసను, అది మనకూ వినిపిస్తుంది కాబట్టి. కోపంతో ఊగిపోతూ విసరడంలో అర్థం లేదు.

ఇప్పుడు హన్మకొండ నుంచి ఒక కుటుంబం వెళ్లిందనుకుందాం: తండ్రి, మోకాళ్ల నొప్పులున్న తల్లి, కొడుకు, కోడలు. నలుగురి ఖుర్బానీకీ కూపన్ ఉంది, 10వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు అవుతుందని చెప్పారు. తండ్రీకొడుకులు తమకిచ్చిన సమయంలో, ఉదయం 10 గంటలకు కంకర వేసి వచ్చారు. తల్లిని రద్దీ తగ్గాక రాత్రి 10కి చక్రాల కుర్చీలో తీసుకెళ్దామనుకున్నారు. బలహీనులు రాత్రి కంకర వేయడంలో దోషం లేదు, మర్నాడు తెల్లవారుజాము దాకా సమయం ఉంది. చిక్కు మరోచోట వచ్చింది. ఆమె పేరుమీది ఖుర్బానీ 2 గంటలకే అయిపోతే, కంకరకు ముందు ఖుర్బానీ జరిగినట్టవుతుంది, వరుస తప్పుతుంది. కాబట్టి ఆమె కూపన్‌ను 11వ తేదీకి వేయించాలి, లేదా ఆమెను 2 లోపే తీసుకెళ్లాలి. రెండూ కుదరకపోతే గుంపులోని ఆలిమ్‌ను అడగండి. అబూ హనీఫా శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఈ వరుసను సున్నత్‌గానే చూశారు, ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ముఫ్తీలు ఆ వెసులుబాటు ఇస్తుంటారు. రద్దీ ఉందన్న ఒక్క కారణంతో తల్లి కంకర కొడుకు వేస్తే మాత్రం చెల్లదు. కుర్చీలో కూడా వెళ్లలేని స్థితి ఉంటేనే వకాలత్, అంటే ఒకరి బదులు ఇంకొకరు వేయడం, కుదురుతుంది. అప్పుడు ముందు తనవి ఏడు వేసి తర్వాత ఆమెవి వేయాలి.

తండ్రి 2 దాటగానే గుండు చేయించుకోకూడదు. ఖుర్బానీలు ఒక్కోసారి ఆలస్యమవుతాయి, గంటో రెండు గంటలో ఆగడం మేలు.

కోడలికి ఆ ఉదయమే నెలసరి మొదలైంది. కంకర, ఖుర్బానీ, జుట్టు కత్తిరించుకోవడం అన్నీ మామూలుగానే చేస్తుంది. ఆగేది తవాఫ్ ఒక్కటే. హజ్రత్ ఆయిషాకు ఇలాగే అయినప్పుడు, తవాఫ్ తప్ప హాజీలు చేసేవన్నీ చేయమని ప్రవక్త చెప్పారు. ఆమె తవాఫ్ 12 దాటినా దమ్ లేదు. మక్కా నుంచి బయలుదేరే తేదీ మాత్రం చూసుకోవాలి. శుద్ధి అవ్వకముందే ప్రయాణం ఉంటే, ఆ రోజే హజ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి తేదీ మార్పించండి. ఈ తవాఫ్ చేయకుండా ఇంటికి వస్తే దంపతుల మధ్య సంబంధం నిషిద్ధంగానే ఉండిపోతుంది, మళ్లీ వెళ్లి చేసేదాకా.

ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: బక్రీద్‌కు ఇక్కడ మేకను కోస్తున్నాం కదా, అదే సరిపోదా? సరిపోదు. తమత్తు ఖుర్బానీ హరమ్ హద్దుల్లోనే జరగాలి, ఉమ్రా, హజ్ రెండూ ఒకే ప్రయాణంలో దక్కినందుకు షుక్ర్ అది. స్తోమత లేనివాళ్లు పది రోజాలు ఉండాలి. మూడు హజ్‌లో, 9వ తేదీ లోపు, ఏడు తర్వాత. కొడుకు బదులు గొర్రె దొరికిన ఇబ్రాహీమ్ కథ ఇందులో ఉంది. ఆ మాంసం, రక్తం అల్లాహ్‌కు చేరవు, మీ భక్తి చేరుతుందని ఖుర్‌ఆన్ స్పష్టంగా చెప్పింది.

గుండు అయ్యాక మామూలు బట్టలు వేసుకోవచ్చు. తవాఫె జియారత్‌ను 12వ తేదీ సూర్యాస్తమయం లోపు ఎప్పుడైనా చేయండి. 10న మక్కాలో విపరీతమైన రద్దీ ఉంటుంది. తల్లిలాంటివాళ్లకు 11 రాత్రి నయం. దాని వెంటే హజ్ సయీ ఉంది, ఉమ్రాలో చేసిన సయీ దీనికి చెల్లదు. ఇది మర్చిపోయి తిరిగి వచ్చినవాళ్లకు దమ్ పడుతుంది.

11, 12: మూడు జమరాలు

రెండు రోజులూ పొద్దు వాలాకే కంకర వేయాలి, ఉదయం వేస్తే చెల్లదు. చిన్నది, మధ్యది, పెద్దది, ఇదే వరుస, ఒక్కోదానికి ఏడు. మొదటి రెండింటి తర్వాత పక్కకు జరిగి కిబ్లా వైపు దువా చేయాలి. మూడోదాని తర్వాత ఆగకూడదు. 12న సూర్యాస్తమయం లోపు మినా దాటితే 13న కంకర లేదు.

12 మధ్యాహ్నం అందరూ ఒకేసారి సామాన్లతో బయలుదేరడంతో జమరాల దగ్గర తొక్కిసలాట ప్రమాదం ఉంటుంది. 2006లో అదే రోజున అక్కడ వందలమంది చనిపోయారు. సామాను ముందే బసకు పంపండి, వెళ్లే దారిలోనే ముందుకు పోండి, కింద పడిన చెప్పు కోసం వంగకండి, వెనక్కి తిరగకండి.

వెళ్లిరావడానికి ముందు

మక్కా వదిలే రోజు తవాఫె విదా చేయాలి, ఇది వాజిబ్. ఏడు చుట్లు, రెండు రకాతులు, సయీ లేదు, ఇహ్రామ్ లేదు. బస్సు సమయానికి నాలుగైదు గంటల ముందు హరమ్‌కు వెళ్లండి. తర్వాత బస్సు ఆలస్యమైతే మళ్లీ చేయాల్సిన పనిలేదు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లకు ఇది మాఫీ, దమ్ కూడా లేదు. వాళ్లు బసలోనే దువా చేసుకుని గుంపుతో కలిసి బయలుదేరొచ్చు.